కుక్కపిల్లను తెచ్చుకున్న స్నేహితులకు ఏం ఇవ్వాలి: మొదటి నెల దినచర్యకు పనికొచ్చే కానుకల బుట్ట

కుక్కపిల్ల ఇంటికి వచ్చిందనగానే చాలామంది మెత్తటి బొమ్మో, గంటలున్న బెల్టో, పది కిలోల ఫుడ్ సంచో కొనుక్కెళ్తారు. ఆ ఇంట్లో వాళ్ళు అప్పటికే నిద్ర లేక, హాలు తుడవలేక సతమతమవుతుంటారు. మొదటి నెలలో వాళ్ళకు కావలసింది పిల్ల అలంకారం కాదు. ఏ గంటకు ఏం చేయాలో తెలియడం, ఆ గంటకు కావలసిన వస్తువు చేతికి అందడం. అందుకే ఈ మార్గదర్శిలో కానుకలను దుకాణంలో అరల ప్రకారం కాకుండా, పిల్ల రోజు గడిచే తీరును బట్టి చెబుతున్నాం. రెండు, మూడు నెలల వయసు పిల్లను కోనసీమ లాంటి డెల్టా ఊళ్ళలో పెంచుకునే ఇళ్ళకు ఇది సరిపోతుంది.

## 1. కొనడానికి ముందు ఐదు ప్రశ్నలు

ఆశ్చర్యపరచాలని అడక్కుండా కొంటే సగం వస్తువులు అటక ఎక్కుతాయి. ఫోన్ చేసి ఇవి కనుక్కోండి.

- పిల్లకు ఎన్ని వారాలు, బరువెంత?
- ఇల్లు కిందా, మేడ మీదా? పెరడు ఉందా? ఉంటే వానకు నీళ్ళు నిలుస్తాయా?
- పగలు ఇంట్లో ఎవరుంటారు?
- ఇప్పుడు ఏం తింటోంది?
- టీకా ఒకటైనా పడిందా? కార్డు ఉందా?

రెండో ప్రశ్న డెల్టాలో అన్నిటికన్నా ముఖ్యం. జులై నుంచి అక్టోబరు దాకా చాలా పెరళ్ళు బురదగానే ఉంటాయి. పక్కన పంట బోదె ఉంటే ఎలుకలూ ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కలకూ, మనుషులకూ సోకుతుంది. దీనికి తోడు టీకాలు పూర్తికాని పిల్లకు వీధి మట్టిలో, వాంతులు, విరేచనాలతో ప్రాణం తీయగల పార్వో వైరస్ భయం ఉంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి "బయటికి తిప్పితే అదే అలవాటవుతుందిలే" అనే సలహా మొదటి రెండు నెలలు పనిచేయదు. బుట్టలో మొదటి కానుకను నిర్ణయించేది ఈ ఇబ్బందే.

## 2. మొదటి కానుక: ఇసుక ట్రే

ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో పిల్ల తన కాళ్ళ కింద ఏది తగులుతుందో దాన్ని బట్టి ఒంటికి పోయే చోటును గుర్తుపెట్టుకోవడం మొదలుపెడుతుంది. వార్తాపత్రికల మీద అలవాటు చేస్తే రేపు సోఫా మీది పత్రికా దానికి ఒకటే. గోనెపట్టా మీద అలవాటైతే గుమ్మం పట్టా తడుస్తుంది. ఇసుక అలవాటైతే ఇంట్లో దాన్ని పోలినది ఉండదు, తరువాత బయట నేలకు మార్చడమూ సులువు. పైగా ఇసుక మనకు కొత్త కాదు.

తయారు చేసే పద్ధతి:

1. రెండు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న, అడుగున చిల్లులు లేని ప్లాస్టిక్ టబ్ తీసుకోండి. వాడేసిన చేపల ట్రే వద్దు. ఎంత కడిగినా నీచు వాసన వదలదు, పిల్ల ఇసుకను నాకడం మొదలుపెడుతుంది.
2. ముందు వైపు అంచును రెండున్నర అంగుళాల ఎత్తుకు కోయించి, కోసిన అంచుకు టేపు చుట్టండి. చిన్న పిల్ల ఎత్తైన గట్టు ఎక్కదు, పక్కనే కానిచ్చేస్తుంది.
3. జల్లించిన ముతక ఇసుకను ఒక రోజు ఎండబెట్టి, అంగుళన్నర మందం పోయండి. ఈ కొలతకు సుమారు 17 కిలోలు పడుతుంది. మోయడం కష్టమైతే రెండు సంచుల్లో పట్టుకెళ్ళి, ఆ ఇంట్లోనే పోయండి.
4. అదనంగా మరో సంచి ఇసుక, తడిసిన భాగాన్ని తీయడానికి ఒక చిన్న చేట ఇవ్వండి.

ట్రేను వాన తగలని వరండాలోనో, మేడ మీద రేకు కిందనో పెట్టి ఇక కదపవద్దని చెప్పండి. రోజూ జరుపుతూ పోతే పిల్లకు చోటు కుదరదు. మొదటి రోజు, పిల్ల మూత్రం తుడిచిన గుడ్డ ముక్కను ఇసుక మధ్యలో పెడితే వాసన పట్టి వస్తుంది. తడిసిన ఇసుకను రోజూ తీయాలి, వారానికోసారి మొత్తం మార్చాలి.

దీనికీ ఒక పరిమితి ఉంది. కొన్ని పిల్లలు ఇసుక తింటాయి. ఎక్కువ తింటే పేగుకు అడ్డం పడుతుంది. ఒకటి రెండుసార్లు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే ఫరవాలేదు. తినడమే పనిగా పెట్టుకుంటే ఇసుక తీసేసి అదే టబ్‌లో ప్లాస్టిక్ గడ్డి చాప పరవాలి. ఈ మాట కానుకతో పాటే చెప్పండి.

## 3. తుడిచే సరంజామా, ఫినాయిల్ లేకుండా

మన ఇళ్ళలో తడి కనిపించగానే ఫినాయిల్ పోస్తారు. ఆ వాసనకు నేల శుభ్రమైందని మనకు అనిపిస్తుంది. పిల్ల ముక్కుకు మాత్రం దాని కింద మూత్రం వాసన అలాగే ఉంటుంది. మర్నాడు అక్కడికే వస్తుంది. ఫినాయిల్ అంటిన కాళ్ళను నాక్కుంటే కడుపులోకి వెళ్ళి విషమయ్యే ప్రమాదం కూడా ఉంది.

కావలసింది పెంపుడు జంతువుల మూత్రానికి వాడే ఎంజైమ్ క్లీనర్. ఇది వాసన పుట్టించే పదార్థాన్నే విరగ్గొడుతుంది. చిన్న ఊళ్ళలో దొరక్కపోవచ్చు, కాబట్టి వారం ముందే తెప్పించుకోండి. సీసాతో పాటు ఆరు పాత నూలు గుడ్డలు ఉతికి మడతపెట్టి ఇవ్వండి. ఇలా వాడాలని ఒక చీటీ రాసి సీసాకు అంటించండి:

- ముందు పొడి గుడ్డతో అద్ది తడి మొత్తం పీల్చేయాలి. రుద్దితే పరుచుకుంటుంది.
- తడి పడినంత మేర క్లీనర్ పోసి, సీసా మీద చెప్పినంత సేపు వదిలేయాలి. వెంటనే తుడిచేస్తే పని చేయదు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే.
- అక్కడ ఫినాయిల్, బ్లీచింగ్ కలపకూడదు. అవి ఎంజైమ్‌ను పాడుచేస్తాయి.

క్లీనర్ వచ్చేలోగా సబ్బునీళ్ళతో కడిగి, వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి తుడవచ్చు. పాలరాయి నేల మీద మాత్రం వెనిగర్ వాడకండి, మెరుపు పోతుంది.

## 4. గోడకు తగిలించే పట్టిక

బుట్టలో అన్నిటికన్నా చవకైన కానుక ఇది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేదీ ఇదే. ఒక అట్టకు ముప్పై కాగితాలు బిగించి, దారంతో పెన్ను కట్టండి. కాగితానికి ఐదు గడులు చాలు: టైము, తిన్నది, మూత్రం, దొడ్డి, ఎక్కడ. ట్రేలో పోతే 'ట్రే' అని, ఇంట్లో ఎక్కడైనా పోతే ఆ గది పేరు రాయాలి. వంటింటి గుమ్మం పక్కన, ఇంట్లో అందరికీ కనపడేలా తగిలించాలి.

పట్టిక పైన ఈ నాలుగు సందర్భాలు పెద్ద అక్షరాలతో రాయండి: నిద్ర లేవగానే, తిన్నాక, ఆట అవగానే, పడుకునే ముందు. ఈ నాలుగింటికీ పిల్లను ఎత్తుకుని ట్రే దగ్గరికి తీసుకెళ్ళాలి. రెండు నెలల పిల్ల ఎంత ఆపుకున్నా మూడు గంటలే. మెలకువగా ఆడుతుంటే గంట కూడా ఆగదు.

పట్టికను ఎలా చదవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. అమలాపురంలో మేడ మీద వాటాలో ఉండే ఒక ఉపాధ్యాయురాలు తొమ్మిది వారాల నాటు కుక్కపిల్లను తెచ్చుకుంది అనుకోండి. ఆమె ఎనిమిదిన్నరకు బడికి వెళ్ళి నాలుగున్నరకు వస్తుంది. పగలు అత్తగారు చూసుకుంటారు. పిల్లకు ఉదయం 6, 11, సాయంత్రం 4:30, రాత్రి 8:30కి తిండి. మూడు రోజుల పట్టికలో పగటి భాగం ఇలా ఉంది:

- మొదటి రోజు: 11:00 తిండి, 11:10 ట్రే దగ్గర ఏమీ లేదు, 11:40 దొడ్డి, హాలు.
- రెండో రోజు: 11:00 తిండి, 11:10 ట్రే దగ్గర మూత్రం మాత్రమే, 11:35 దొడ్డి, హాలు.
- మూడో రోజు: 11:05 తిండి, 11:15 ట్రే దగ్గర ఏమీ లేదు, 11:45 దొడ్డి, హాలు.

అత్తగారు "తీసుకెళ్ళినా పోవట్లేదమ్మా, మొండిది" అంటారు. పట్టిక చెప్పేది వేరు. ఈ పిల్లకు తిన్న 35, 40 నిమిషాలకు కడుపు కదులుతోంది. ఆవిడ పది నిమిషాలకే తీసుకెళ్ళి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు. సరిచేయడానికి కొత్త వస్తువేమీ అక్కర్లేదు. 11:30కి ఇంకోసారి తీసుకెళ్ళి, ఐదారు నిమిషాలు మాట్లాడకుండా పక్కన నిలబడాలి. మధ్యలో ఆ ఇరవై నిమిషాలు పిల్ల హాల్లో తిరక్కుండా అడ్డు కంచెలో ఉండాలి. పట్టిక లేకపోతే పిల్ల మొండిదన్న మాటే నిలిచిపోయేది.

రాత్రి కూడా ఇంతే. వరుసగా మూడు రాత్రులు 2:30 ప్రాంతంలో పక్క తడిస్తే, 2 గంటలకు అలారం పెట్టుకుని దీపం పెద్దగా వేయకుండా ట్రేకు తీసుకెళ్ళి, ఆడించకుండా పడుకోబెట్టాలి. నాలుగు రాత్రులు పొడిగా ఉంటే అలారాన్ని పావుగంట ఆలస్యంగా, అంటే 2:15కి మార్చాలి. మన ఉక్కలో రాత్రి తడవకూడదని నీళ్ళు తీసేయడం మాత్రం వద్దు.

పావుగంటకోసారి కొద్దికొద్దిగా పోస్తున్నా, ముక్కుతున్నా, రక్తపు చారలున్నా అది అలవాటు సమస్య కాదు. అదే రోజు పశువైద్యుణ్ణి కలవాలి.

## 5. బహుమతి డబ్బా

ట్రే పక్కన గోడకు వేలాడదీసే, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా ఒకటి ఇవ్వండి. ట్రేలో పని అయిన మరుక్షణం, అంటే ఒకటి రెండు సెకన్లలోపు పిల్ల నోటికి ఏదైనా అందాలి. వంటింట్లోకి వెళ్ళి తెచ్చి పెడితే, వంటింటికి వచ్చినందుకు ఇచ్చారని అనుకుంటుంది.

అందులో వేసేది శనగగింజంత ముక్క చాలు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం బాగుంటుంది, కానీ బయట ఉంటే పాడవుతుంది. కాబట్టి పూటకు సరిపడా ఫ్రిజ్‌లోంచి తీసుకోవాలి. లేదంటే పిల్ల తినే పొడి ఫుడ్ గింజలనే పది తీసి డబ్బాలో వేసుకోవచ్చు. రోజు మొత్తం ఇచ్చే ఇలాంటి చిరుతిండి దాని తిండిలో పదో వంతు దాటకూడదు.

## 6. తిండి వేళకు: గిన్నెలు, కొలత గ్లాసు

పది కిలోల ఫుడ్ సంచి కొనకండి. మన గాలిలో తేమకు తెరిచిన సంచి మెత్తబడి బూజు పడుతుంది. ఆ బూజులో లివర్‌ను దెబ్బతీసే విషం పుట్టవచ్చు. ఇప్పుడు తినే రకమే ఒక కిలో ప్యాకెట్, అది ప్యాకెట్‌తో సహా పట్టే గాలి చొరబడని డబ్బా ఇవ్వండి. ప్యాకెట్ పారేయకపోతే తేదీ, బ్యాచ్ నంబరు చేతిలో ఉంటాయి.

కొలత గ్లాసు ఇలా తయారు చేయండి. ప్యాకెట్ మీద పిల్ల వయసుకు, బరువుకు రోజుకు ఎంతో రాసి ఉంటుంది. 120 గ్రాములు అని ఉంటే నాలుగు పూటలకు 30 గ్రాముల చొప్పున వస్తుంది. ఆ 30 గ్రాములు కాటాలో తూచి ఒక పారదర్శకమైన గ్లాసులో పోసి, పైన గీత పెట్టండి. ఫుడ్ రకం మారినా, పిల్ల బరువు పెరిగినా గీత కూడా మారాలి. రెండు వారాలకోసారి తూచి చూడమని చెప్పండి.

గిన్నెలు రెండు కావాలి, అడుగు వెడల్పున్న స్టీలువి. వాటితో పాటు ఒక వెడల్పాటి పళ్ళెం ఇవ్వండి. పళ్ళెంలో అంగుళం లోపు నీళ్ళు పోసి మధ్యలో తిండి గిన్నె పెడితే చీమలు పట్టవు.

పాలన్నం సంగతి పెద్దవాళ్ళకు నెమ్మదిగా చెప్పాలి. గేదె పాలు చాలా పిల్లలకు అరగక విరేచనాలు పడతాయి, అప్పుడు పట్టిక అంతా తారుమారవుతుంది. చేప వండిన రోజు ముళ్ళు, కోడి వండిన రోజు ఉడికిన ఎముకలు గిన్నెలోకి చేరకూడదు. తిండి రకం మార్చాలనుకుంటే ఒకేసారి కాకుండా వారం రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది కలపాలి.

## 7. నిద్రకూ, పళ్ళకూ

ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకుంటుంది. వచ్చినవాళ్ళందరూ లేపి ఎత్తుకుంటే సాయంత్రానికి కరవడం, అరవడం మొదలవుతుంది. దాన్ని అల్లరి అనుకుంటారు, నిజానికి నిద్ర చాలకపోవడం. అందుకే ఒక అడ్డు కంచె లేదా గట్టి ప్లాస్టిక్ క్రేట్ మంచి కానుక. పిల్ల నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపి పడుకునేంత చోటుంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల మూత్రం పోస్తుంది. లోపలికి స్పాంజి పరుపు వద్దు, ఉక్కపోతకు వేడెక్కుతుంది, తడిస్తే ఆరదు. పాత నేత చీరను నాలుగు మడతలు వేసి కుట్టిన పక్కలు మూడు ఇవ్వండి. ఒకటి వాడుతుంటే ఒకటి ఉతుకులో, ఒకటి వానాకాలపు తేమలో ఆరుతూ ఉంటుంది.

నాలుగో నెల వస్తూనే పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు చెప్పులు, కుర్చీ కాళ్ళు కొరుకుతుంది. లోపల బోలుగా ఉన్న గట్టి రబ్బరు బొమ్మ ఒకటి చాలు. పిల్ల నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది కావాలి. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్త నొక్కు పడాలి. పడకపోతే పళ్ళు విరుగుతాయి. నూలు తువ్వాలును తడిపి, మెలిపెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చిగుళ్ళ మంట తగ్గుతుంది.

కోనసీమలో ఒక జాగ్రత్త అవసరం. కొబ్బరి బొండాం డొక్కు ఆడుకోవడానికి పడేస్తుంటారు. పీచు పీకి మింగితే పేగులో ఉండ కడుతుంది. మామిడి టెంకకూ ఇదే వర్తిస్తుంది.

## 8. టీకా ఫైలు

పిల్లను దత్తత తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా మరచిపోయేది తేదీలు. ఒక ప్లాస్టిక్ ఫైలు, లోపల క్యాలెండరు పేజీలు పెట్టి, కార్డు చూసి డాక్టరు చెప్పిన తేదీలు చుట్టి ఇవ్వండి. సాధారణంగా పార్వో, డిస్టెంపర్ తదితర వ్యాధుల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా ఉంటుంది. మూడు నెలలకు రేబిస్ టీకా వేస్తారు. నట్టల మందు బరువును బట్టి, మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, తరువాత ఆరో నెల దాకా నెలకోసారి ఇస్తారు. లెప్టోస్పైరోసిస్ టీకా కూడా కలిసి ఉందా అని డాక్టరును అడగమని ఫైలు మీద రాయండి.

రేబిస్ టీకా పడని పిల్ల పన్ను గీసుకున్నా పావుగంట సబ్బునీళ్ళతో ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్నదే కదా అని వదిలేయకూడదు.

ఒక టీకా రోజున బండి మీద తోడు వెళ్ళడమూ కానుకే. ఒకరు నడుపుతుంటే ఒకరు పిల్లను గట్టి గంపలో పట్టుకోవాలి కదా.

## 9. కొనకూడనివి

- పిడుదుల మందులు, పౌడర్లు, మందు పూసిన బెల్టులు. మీ ఇంట్లో కుక్కకు పడింది కదా అని ఇవ్వవద్దు. వీటికి వయసు, బరువు లెక్క ఉంటుంది, డాక్టరే చెప్పాలి.
- ఇనుప గొలుసు, మెడ బిగిసే బెల్టు.
- గుండీ కళ్ళు, దూది ఉన్న బొమ్మలు.
- చాక్లెట్లు, కిస్‌మిస్ వేసిన మిఠాయిలు. రెండూ కుక్కకు విషం. ఇంట్లోవాళ్ళ కోసం తీసుకెళ్తే ఎత్తైన అరలో పెట్టి రండి.

## 10. ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

మొదటి రోజే వెళ్ళకండి. మూడో రోజో, నాలుగో రోజో పిల్ల పడుకునే మధ్యాహ్నం వేళ వెళ్ళండి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. పార్వో చెప్పుల అడుగున కూడా వస్తుంది. పిల్ల నిద్ర లేస్తే ముందు ట్రే దగ్గరికి వెళ్ళనివ్వండి, ఆ తరువాతే ఎత్తుకోండి.

అన్నీ కొనలేకపోతే ఈ వరుసలో ఎంత వీలైతే అంత తీసుకోండి:

- పట్టిక, పెన్ను
- క్లీనర్, గుడ్డలు
- ఇసుక ట్రే
- కొలత గ్లాసు, గిన్నెలు
- నూలు పక్కలు
- రబ్బరు బొమ్మ
- అడ్డు కంచె

ఛాతీకి తొడిగే పట్టీ, అంటే హార్నెస్, ఈ బుట్టలో పెట్టలేదు, కావాలనే. ఇప్పుడు కొన్నది నెలకు బిగుతవుతుంది. టీకాలు పూర్తయ్యే వారంలో ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి, ఆ కొలత మధ్యలో పడే సైజు కొనండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. దానికి చేత్తో పట్టుకునే ఐదడుగుల తేలికైన తాడు, అంటే లీష్, జతచేసి ఇవ్వండి. అప్పటికి ట్రే కూడా ఇరుకవుతుంది. ట్రేలోని వాడిన ఇసుక గుప్పెడు తీసుకెళ్ళి, బయట మీరు ఎంచుకున్న పొడి నేల మీద చల్లితే పిల్ల ఆ చోటును తనదిగా గుర్తుపడుతుంది.